బ్యాంకు షేరుకు పుస్తక విలువే కొలబద్ద

ఒక కంపెనీ తన ఆస్తులన్నీ లెక్కగట్టి, అందులోంచి తీర్చాల్సిన అప్పులన్నీ తీసేస్తే మిగిలేది వాటాదారుల సొత్తు. దీన్ని సొంత నిధులు అనీ, నెట్‌వర్త్ అనీ అంటారు. దీన్ని మొత్తం షేర్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో షేరుకు వచ్చేది పుస్తక విలువ, అంటే బుక్ వాల్యూ. కంపెనీ లెక్కల పుస్తకాల ప్రకారం ఆ షేరు వెనక ఉన్న సొమ్ము అంత. మార్కెట్లో షేరు ధరను ఈ పుస్తక విలువతో భాగిస్తే వచ్చేదే పీబీ నిష్పత్తి. పుస్తక విలువ రూ.100, షేరు ధర రూ.175 అయితే పీబీ 1.75. పుస్తకాల్లో రూపాయి కనిపిస్తున్న చోట మార్కెట్ రూపాయి ముప్పావలా ఇవ్వడానికి సిద్ధపడుతోందని దాని భావం.

లెక్క ఇంత తేలికే అయినా అన్ని కంపెనీలకూ ఇది ఒకే రీతిలో పనికిరాదు. సబ్బుల కంపెనీకో సాఫ్ట్‌వేర్ కంపెనీకో పీబీ చూసి షేరు ఖరీదైనదా, చవకా అని తేల్చడం దాదాపు కుదరదు. బ్యాంకులూ అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీల విషయంలో మాత్రం విశ్లేషకులు మొట్టమొదట చూసేది దీన్నే. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే పుస్తకాల్లో ఏది రాస్తారు, ఏది రాయరు అన్నది ముందు చూడాలి.

పుస్తకాలకు ఎక్కని ఆస్తులు

హిందుస్థాన్ యూనిలీవర్‌కు సర్ఫ్, లైఫ్‌బాయ్, లక్స్ లాంటి పేర్లే అసలు ఆస్తి. దశాబ్దాల ప్రకటనలతో, ఊరూరా ఉన్న పంపిణీ ఏర్పాట్లతో వాటికి ఆ విలువ వచ్చింది. అయితే ఆ ఖర్చును ఏ ఏడుకాయేడు లాభాల్లోంచి తీసేశారు కాబట్టి, అలా పెరిగిన పేరు విలువ ఆస్తుల పట్టీలో కనిపించదు. సొంతంగా పెంచుకున్న బ్రాండును ఆస్తిగా చూపడానికి అకౌంటింగ్ నియమాలు ఒప్పుకోవు. డబ్బో షేర్లో ఇచ్చి బయటినుంచి కొన్న బ్రాండునైతే చూపాలి.

ఈ నియమం ఎంత దూరం తీసుకుపోతుందో 2020లో తేటతెల్లమైంది. ఆ ఏడాది మార్చి 31 నాటికి హిందుస్థాన్ యూనిలీవర్ సొంత నిధులు సుమారు రూ.8,000 కోట్లు. షేరు ధరతో పోలిస్తే పీబీ 60 దాటి ఉంది. మర్నాడు, ఏప్రిల్ 1న, హార్లిక్స్ తయారుచేసే గ్లాక్సోస్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్ అందులో విలీనమైంది. దానికి బదులుగా హిందుస్థాన్ యూనిలీవర్ కొత్త షేర్లిచ్చింది. కొన్న వ్యాపారం కాబట్టి దాని బ్రాండ్లూ గుడ్‌విల్లూ పూర్తి విలువతో పుస్తకాలకెక్కాయి. మరుసటి మార్చి నాటికి సొంత నిధులు రూ.47,000 కోట్లు దాటాయి. షేరు ధరలో పెద్ద మార్పేమీ లేకపోయినా పీబీ 12 దరిదాపులకు దిగివచ్చింది. ఏడాదిలో ఈ షేరు అయిదో వంతు ధరకు దొరికే స్థితికి వచ్చిందా అంటే, లేదు. మారింది పుస్తకం ఒక్కటే.

ఐటీ కంపెనీల్లో ఇంజినీర్ల నైపుణ్యం, మందుల కంపెనీల్లో సొంత ల్యాబులో పుట్టిన చాలా ఫార్ములాలు కూడా ఇలాగే పట్టీకి ఎక్కవు. పాత ఫ్యాక్టరీల్లో ఇంకో రకం తిరకాసు ఉంటుంది. యాభై ఏళ్ల కింద ఎకరం వేలల్లో కొన్న స్థలం పుస్తకాల్లో ఆ పాత ధరకే ఉండవచ్చు. పక్కనే నిన్న కొన్న యంత్రం కోట్లలో కనిపిస్తుంది, కానీ అమ్మబోతే తుక్కు ధర కూడా రాకపోవచ్చు. ఇలాంటి అంకెల కూడికను ధరతో పోల్చి తేల్చగలిగేది తక్కువ.

బ్యాంకు పట్టీలో ఏముంటుంది

బ్యాంకు ఆస్తి అప్పిలా ఉండదు. ఒక ఊహా బ్యాంకును తీసుకుందాం. దాని మొత్తం ఆస్తులు రూ.1,000 కోట్లు. అందులో ఇచ్చిన రుణాలు 650 కోట్లు, ప్రభుత్వ బాండ్లు వగైరా పెట్టుబడులు 230 కోట్లు, నగదూ రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచిన సొమ్మూ కలిపి 90 కోట్లు, భవనాలు, కంప్యూటర్ల లాంటివి 30 కోట్లు. ఇక రెండో వైపు డిపాజిట్లు 800 కోట్లు, బయట తెచ్చిన అప్పులు 90 కోట్లు, చిల్లర బాకీలు 20 కోట్లు. ఇవన్నీ పోను సొంత నిధులు 90 కోట్లు.

ఈ పట్టీలో నూటికి 97 వంతులు డబ్బే, లేదా డబ్బుగా తిరిగి రావాల్సిన హక్కులే. వంద రూపాయల గృహరుణం పుస్తకాల్లో వంద రూపాయలుగానే ఉంటుంది, రుణగ్రహీత సక్రమంగా కట్టినంత కాలం దాని అసలు విలువ కూడా అటూ ఇటూగా అంతే. రుణాల్లో చాలాభాగానికి వడ్డీ మార్కెట్‌తో పాటు మారుతుంటుంది కనుక ఆ విలువ పెద్దగా చెదరదు. డిపాజిటర్లకు ఇవ్వాల్సిన బాకీ కూడా రూపాయల్లో ఖాయంగా తెలిసినదే. అందుకే ఈ రెంటి తేడాగా వచ్చే 90 కోట్లు ఒక ఫ్యాక్టరీ పుస్తక విలువ కన్నా నిజానికి చాలా దగ్గరగా ఉంటాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. సబ్బుల కంపెనీ సొంత నిధులు పెంచుకోకుండానే అమ్మకాలు రెట్టింపు చేసుకోగలదు. బ్యాంకుకు ఆ వీలు లేదు. మన దేశంలో వాణిజ్య బ్యాంకులు, నష్టభయాన్ని బట్టి తూకం వేసిన ఆస్తుల మీద కనీసం 9 శాతం మూలధనం ఉంచాలి. దానిపైన అదనపు రక్షణగా మరో 2.5 శాతం, మొత్తం 11.5 శాతం. ఇందులో కొంత బాండ్ల రూపంలో సమకూర్చుకోవచ్చు గానీ ప్రధాన భాగం వాటాదారుల సొమ్మే కావాలి. చాలా ఫైనాన్స్ కంపెనీలకు ఈ కనీసం 15 శాతం. అంటే ఎంత అప్పివ్వవచ్చో, తద్వారా ఎంత వడ్డీ సంపాదించవచ్చో నిర్ణయించేది సొంత నిధులే. బియ్యం మిల్లుకు ధాన్యం ఎలాగో బ్యాంకుకు మూలధనం అలాగ. పుస్తక విలువ ఇక్కడ పాత ఖర్చుల మొత్తం కాదు, రేపటి వ్యాపారానికి ముడిసరుకు.

మిగతా కంపెనీలకు వాడే కొలతలు బ్యాంకు దగ్గర తడబడటానికి కారణం కూడా ఇదే. వడ్డీకి ముందు లాభం చూద్దామంటే, బ్యాంకుకు వడ్డీయే సరుకు ఖరీదు. అప్పు తక్కువున్న కంపెనీ మంచిదనుకుందామంటే, డిపాజిట్లనే అప్పు లేకుండా బ్యాంకే లేదు. ఒక ఏడాది లాభంతో ధరను పోల్చే పీఈ నిష్పత్తి కూడా నిలకడగా ఉండదు. మొండి బకాయిలకు పెద్దమొత్తం పక్కన పెట్టిన ఏడాది లాభం అడుగంటుతుంది, పీఈ వందకు చేరుతుంది. నష్టం వస్తే అసలు లెక్కే కుదరదు. మంచి రోజుల్లో లాభం ఉబ్బి పీఈ చవగ్గా కనిపిస్తుంది. నష్టాలు మరీ భారీగా లేనంత వరకు పుస్తక విలువ ఇంత ఎగుడుదిగుళ్లకు లోను కాదు.

ఎంత పీబీ సబబు?

పుస్తక విలువ రూ.100 ఉన్న షేరుకు కొందరు రూ.300 ఇస్తారు, ఇంకో బ్యాంకు షేరు రూ.60కి కూడా కదలదు. ఆ వంద మీద బ్యాంకు ఏటా ఎంత సంపాదిస్తోందన్నదే ఈ తేడాకు మూలం. దీన్నే సొంత నిధులపై రాబడి, ఆర్‌ఓఈ అంటారు.

లెక్క ఇలా సాగుతుంది. బ్యాంకు షేరులో ఉన్న రిస్కుకు ఏటా 13 శాతం ప్రతిఫలం రావాలని మదుపరి ఆశిస్తున్నాడనుకుందాం. ఒక బ్యాంకు రూ.100 పుస్తక విలువ మీద రూ.16 సంపాదిస్తోంది, వ్యాపారాన్ని ఏటా 9 శాతం చొప్పున పెంచుతోంది. రుణాలు 9 శాతం పెరగాలంటే సొంత నిధులు కూడా 9 శాతం పెరగాలి కనుక రూ.9 బ్యాంకులోనే అట్టిపెట్టాలి. వాటాదారుకు పంచడానికి మిగిలేది రూ.7. మదుపరి ఆశించే 13 శాతంలో 9 శాతం ఆ ఎదుగుదల ద్వారానే వస్తుంది. మిగతా 4 శాతం పంపకం ద్వారా రావాలి. రూ.7 అనేది 4 శాతం కావాలంటే అసలు రూ.175 ఉండాలి. అంటే పీబీ 1.75 దాకా ఇవ్వడం సబబు.

అదే బ్యాంకు రూ.13 మాత్రమే సంపాదిస్తే, 9 అట్టిపెట్టాక మిగిలేది రూ.4. అది 4 శాతం కావడానికి ధర రూ.100, పీబీ సరిగ్గా 1. రాబడి మదుపరి ఆశించినదానితో సమానమైతే బ్యాంకు విలువ దాని పుస్తక విలువే. ఇక రూ.9 సంపాదించి 5 శాతమే ఎదుగుతున్న బ్యాంకును చూడండి. పంచగలిగేది రూ.4. మదుపరికి పంపకం ద్వారా రావాల్సింది 8 శాతం. కాబట్టి ధర రూ.50, పీబీ 0.5. పుస్తక విలువలో సగానికే దొరుకుతోందంటే చవక అని కాదు, ఆ వంద రూపాయలు పనిచేస్తున్న తీరుకు ఆ ధరే తగినదన్నమాట.

అందువల్ల పీబీని ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు, పక్కన ఆర్‌ఓఈ పెట్టి చదవాలి. రెండు బ్యాంకుల రాబడి ఒకేలా ఉండి, రుణాల నాణ్యత కూడా సమానమై, ఒకదాని పీబీ తక్కువగా ఉన్నప్పుడే చవక అన్న మాటకు అర్థం ఉంటుంది.

ధర పుస్తకాన్నే మార్చే చోట

పీబీకి బ్యాంకింగ్‌లో మరో ప్రత్యేకత ఉంది. ఎదిగే బ్యాంకు కొన్నేళ్లకోసారి కొత్త షేర్లు అమ్మి మూలధనం తెచ్చుకోవాల్సి వస్తుంది. పది కోట్ల షేర్లు, షేరుకు రూ.100 పుస్తక విలువ ఉన్న బ్యాంకు రూ.400 కోట్లు సమీకరించాలనుకుందాం. మార్కెట్ ధర రూ.200 ఉంటే రెండు కోట్ల షేర్లు అమ్మితే చాలు. సొంత నిధులు 1,400 కోట్లు, షేర్లు 12 కోట్లు. పుస్తక విలువ దాదాపు రూ.117కు పెరుగుతుంది. ధర రూ.50 మాత్రమే ఉంటే ఎనిమిది కోట్ల షేర్లు అమ్మాలి. అప్పుడు 1,400 కోట్లను 18 కోట్ల షేర్లకు పంచితే వచ్చేది రూ.78 లోపే. పాత వాటాదారు ఏ తప్పూ చేయకుండానే అతని వెనకున్న సొమ్ము అయిదో వంతుకు పైగా తరిగింది.

పీబీ ఎక్కువున్న బ్యాంకుకు పెట్టుబడి తేలిగ్గా దొరికి పుస్తకం ఇంకా బలపడుతుంది. పీబీ ఒకటికి లోపున్న బ్యాంకు ప్రతి సమీకరణతోనూ చిక్కిపోతుంది. మొండి బకాయిలతో సతమతమైన రోజుల్లో ప్రభుత్వ రంగ బ్యాంకులు పడ్డ ఇబ్బంది ఇదే. వాటికి రూ.2.11 లక్షల కోట్ల మూలధనం సమకూర్చే పథకాన్ని కేంద్రం 2017 అక్టోబరులో ప్రకటించింది.

పుస్తకమే తప్పయితే

పైన చెప్పిందంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. పుస్తకాల్లో రాసిన రుణాలు నిజంగా తిరిగి రావాలి. ఊహా బ్యాంకులో 1,000 కోట్ల ఆస్తులకు సొంత నిధులు 90 కోట్లే. ఇచ్చిన 650 కోట్ల రుణాల్లో నూటికి నాలుగు రూపాయలు పూర్తిగా మునిగినా పోయేది 26 కోట్లు, అంటే పుస్తక విలువలో 29 శాతం. డిపాజిటర్లకు ఇవ్వాల్సింది మాత్రం పైసా తగ్గదు. నష్టమంతా ఆ పలచటి పొర మీదే పడుతుంది.

వాయిదా 90 రోజులకు మించి కట్టకపోతే ఆ రుణాన్ని మొండి బకాయిగా గుర్తించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆపైన బకాయి వయసును బట్టి కొంత సొమ్మును లాభాల్లోంచి పక్కన పెట్టాలి. ఊహా బ్యాంకులో మొండి బకాయిలు 40 కోట్లు, వాటికి పక్కన పెట్టింది 24 కోట్లు అనుకుంటే మిగిలిన 16 కోట్లు నికర మొండి బకాయిలు. ఇవి ఇంకా ఆస్తిగానే పుస్తకాల్లో ఉన్నాయి, వస్తాయో రావో తెలియదు. జాగ్రత్తపరులు వీటిని సొంత నిధుల్లోంచి కొట్టేసి 74 కోట్లనే లెక్కలోకి తీసుకుంటారు. మార్కెట్లో బ్యాంకు మొత్తం విలువ 90 కోట్లయితే పైకి పీబీ 1. సరిచేసిన పుస్తకం మీద అది 1.22.

ఈ సవరణ కూడా చాలని సందర్భం యెస్ బ్యాంకుది. 2019 మార్చి చివర షేరు ధర సుమారు రూ.275, పుస్తక విలువ రూ.116 దరిదాపు, పీబీ 2.4 దాకా ఉంది. అప్పటికే ఒక సంకేతం బయట పడి ఉంది. 2015-16లో తన మొండి బకాయిలు సుమారు రూ.749 కోట్లని బ్యాంకు చూపితే, రిజర్వు బ్యాంకు తనిఖీలో అవి రూ.4,900 కోట్లకు పైగా తేలాయి. మరుసటి ఏడాది బ్యాంకు చూపింది సుమారు రూ.2,018 కోట్లు, తనిఖీలో తేలింది రూ.8,300 కోట్లకు పైనే. తనిఖీ లెక్కకూ బ్యాంకు లెక్కకూ ఉన్న ఇలాంటి తేడా ఓ హద్దు దాటితే బహిరంగంగా వెల్లడించాలని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన పెట్టింది కాబట్టే ఇవి మదుపరుల కంటపడ్డాయి.

2020 మార్చి 5న షేరు ధర రూ.37 దగ్గర ఉంది. అప్పటికి వెలువడిన ఆఖరి లెక్కలు 2019 సెప్టెంబరువి, వాటి ప్రకారం పుస్తక విలువ ఇంకా రూ.100కు పైనే. వంద రూపాయల సొమ్ము మూడో వంతు ధరకు దొరుకుతున్నట్లు కనిపించింది. ఆ సాయంత్రమే మారటోరియం వచ్చింది, డిపాజిటర్లు రూ.50,000కు మించి తీసుకోవడానికి వీల్లేకపోయింది. మార్చి 14న డిసెంబరు త్రైమాసిక ఫలితాలు బయటికొచ్చాయి. నష్టం రూ.18,564 కోట్లు, అంటే అప్పటి షేర్ల లెక్కన ఒక్కోదానికి సుమారు రూ.73. సెప్టెంబరులో 7.39 శాతంగా ఉన్న స్థూల మొండి బకాయిలు 18.87 శాతానికి చేరాయి. రూ.8,415 కోట్ల ఏటీ-1 బాండ్లను రద్దు చేశారు. స్టేట్ బ్యాంకు రూ.6,050 కోట్లు పెట్టగా, మరికొన్ని ఆర్థిక సంస్థలు చేరి మొత్తం రూ.10,000 కోట్లు సమకూర్చాయి. అవి కొన్న ధర షేరుకు రూ.10. అదే ఏడాది జులైలో రూ.12 చొప్పున మరో రూ.15,000 కోట్లు సమీకరించారు. 2021 మార్చి నాటికి పుస్తక విలువ రూ.13 దగ్గర తేలింది. ముందు నష్టం పుస్తకాన్ని కరిగించింది, తర్వాత తక్కువ ధరకు జారీ చేసిన షేర్లు మిగిలినదాన్ని పలచన చేశాయి.

ఇక్కడ మార్కెట్ ధర పొరపాటు పడలేదు, పుస్తకమే వెనకబడింది. బ్యాంకు షేరు పీబీ 0.3, 0.4 దగ్గర ఉంటే ఆ పుస్తకాన్ని మార్కెట్ నమ్మడం లేదని ముందుగా అనుకోవాలి. అప్పుడు చూడాల్సింది నికర మొండి బకాయిలు సొంత నిధుల్లో ఎంత శాతమో, పునర్‌వ్యవస్థీకరించిన రుణాలు ఎంతో, వాయిదా తప్పి ఇంకా 90 రోజులు నిండనివి ఎన్నో, తనిఖీ తేడాలు గతంలో ఎలా ఉన్నాయో. ఇవి వార్షిక నివేదికల్లోనూ త్రైమాసిక ఫలితాల్లోనూ దొరుకుతాయి.

తప్పు రుణాల్లోనే ఉండాలని లేదు, బాండ్లలోనూ ఉండవచ్చు. గడువు దాకా అట్టిపెట్టుకుంటామని ప్రకటించిన బాండ్లను వాటి మార్కెట్ ధర పడినా కొన్న ధర ఆధారంగానే చూపవచ్చు. అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు 2022 చివర చూపిన సొంత నిధులు సుమారు 1,600 కోట్ల డాలర్లు, ఇలాంటి బాండ్లలో బయట చూపని నష్టం సుమారు 1,500 కోట్ల డాలర్లు. 2023 మార్చిలో డిపాజిటర్లు ఒక్కసారిగా సొమ్ము అడిగేసరికి బ్యాంకు మూతపడింది.

లెక్కలో చేయాల్సిన సర్దుబాట్లు

పుస్తక విలువలో అప్పివ్వడానికి పనికిరానివి కొన్ని కలిసి ఉంటాయి. భవనాల విలువను పెంచి రాసుకున్న రీవాల్యుయేషన్ రిజర్వు, గుడ్‌విల్, పాత నష్టాల వల్ల భవిష్యత్తులో కలిసొస్తుందని రాసుకున్న పన్ను ఆస్తి అలాంటివి. బ్యాంకులను పోల్చేటప్పుడు వీటిని తీసేయడం మేలు.

దీనికి ఎదురు దిశలో బీమా, మ్యూచువల్ ఫండ్ అనుబంధ సంస్థలున్న పెద్ద బ్యాంకులకు ఇంకో సర్దుబాటు కావాలి. వాటిలో పెట్టిన సొమ్ము బ్యాంకు సొంత పుస్తకాల్లో పాత ధరకే ఉంటుంది, మార్కెట్ విలువ మాత్రం ఎన్నో రెట్లు పెరిగి ఉండవచ్చు. షేరు ధర రూ.800, పుస్తక విలువ రూ.400 అయితే పీబీ 2. అందులో అనుబంధ సంస్థల మార్కెట్ విలువ షేరుకు రూ.200, వాటిలో మొదట పెట్టింది రూ.20 అనుకుంటే, బ్యాంకు వ్యాపారానికి ఇస్తున్న ధర రూ.600, దాని వెనకున్న పుస్తక విలువ రూ.380. అసలు పీబీ 1.58.

ఆర్థిక సంస్థలన్నిటికీ ఈ కొలత ఒకేలా వర్తించదు. జీవిత బీమా కంపెనీ దగ్గర అమలులో ఉన్న పాలసీల నుంచి రాబోయే లాభమే ప్రధానం కాబట్టి ఎంబెడెడ్ వాల్యూతో పోలుస్తారు. స్టాక్ ఎక్స్చేంజీలూ మ్యూచువల్ ఫండ్ నిర్వహణ సంస్థలూ రుసుములతో బతుకుతాయి, వాటి ఎదుగుదలకు సొంత నిధులు పెద్దగా అక్కర్లేదు. వాటి పీబీ సబ్బుల కంపెనీ పీబీలాగే పెద్ద అంకెగా ఉండి, పెద్దగా ఏమీ చెప్పదు. సొంత నిధుల మీద ఆధారపడి, అంతకు ఎన్నో రెట్లు అప్పులిచ్చి, ఆ వడ్డీతో నడిచే సంస్థకే పీబీ నికరమైన కొలత అవుతుంది. అక్కడ కూడా దాని పక్కన ఆర్‌ఓఈనీ నికర మొండి బకాయిలనూ పెట్టి చదివినప్పుడే అది సరైన జవాబిస్తుంది.